ఏప్రిల్‌లో చెప్పే మాట అక్టోబరులోనే

బోర్డర్ రోడ్స్ సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేసిన దేవ్ దత్ గారికి 1993-94 సంవత్సరానికి పైఅధికారి వేసిన గ్రేడు ‘గుడ్’. అది తిట్టు కాదు, శిక్ష కాదు. ఎవరు చదివినా మెచ్చుకున్నారనే అనుకుంటారు. కానీ సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదోన్నతి రావాలంటే అయిదేళ్ల నివేదికల్లోనూ ‘వెరీ గుడ్’ ఉండాలని నియమం. ఆ ఒక్క ‘గుడ్’ ఆయన దారికి అడ్డం పడింది. అలాంటి గ్రేడు ఒకటి తన ఫైల్లో ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెడ్డ రిమార్కు రాస్తేనే ఉద్యోగికి తెలియజేయాలి, మంచి రిమార్కయితే అక్కర్లేదన్నది అప్పటి లెక్క. పదోన్నతి ఆపేసిన మాట మంచి మాటెలా అవుతుందన్నదే ఆయన వాదన. 2008 మే 12న సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలి, దాని మీద విన్నవించుకోవడానికి అవకాశం ఇవ్వాలి అంది. మరుసటి ఏడాది మే నెలలో కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వులు ఇచ్చింది. 2008-09 నుంచి నివేదిక మొత్తం ఉద్యోగికి చూపించాలి, అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాసివ్వవచ్చు. పాతవాళ్లు ఇప్పటికీ ‘సీఆర్’ అనే రహస్య నివేదిక అలా పేరు మార్చుకుని ఏపీఏఆర్ అయింది.

ఆ తీర్పుతో దాపరికం పోయింది. ఆలస్యం మాత్రం పోలేదు. సంవత్సరం ముగిశాక చూపించే నివేదిక ఎంత బాహాటంగా ఉన్నా, దాన్ని చదివి ఉద్యోగి చేయగలిగింది ఒప్పుకోవడమో, అభ్యంతరం రాయడమో. అప్పటికి చేయాల్సిన పని చేసే గడువు దాటిపోయి ఉంటుంది.

ప్రైవేటు కంపెనీల్లో రేటింగు రహస్యమేమీ కాదు. పోర్టల్లో కనిపిస్తుంది, మేనేజరు పిలిచి చెబుతాడు. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్లో చెవి వేసినా ఒకటే మాట వినిపిస్తుంది: “ఏడాదంతా ఒక్క ముక్క అనలేదు, ఇప్పుడు మూడు చేతిలో పెట్టాడు.” ఎక్కువమంది కోపం ఆ మూడు మీద కాదు, ‘ఒక్క ముక్క అనలేదు’ అన్నదాని మీద. పైగా ఆ మాట చాలాసార్లు నిజమే. మేనేజరుకు ఆగస్టులోనే తెలుసు, పని ఎక్కడ కుంటుతోందో. మొహమాటపడి ఊరుకుంటాడు. ఇంకా ఏడు నెలలుంది కదా, సర్దుకుంటాడులే అనుకుంటాడు. ఏప్రిల్ వచ్చేసరికి తప్పించుకునే దారి లేక ఒక్కసారిగా కుమ్మరిస్తాడు.

ఈ కుమ్మరింపు రాకుండా చూడటానికే అక్టోబరులో మధ్య సంవత్సరపు సమీక్ష అని ఒకటి పెట్టారు. మన దగ్గర చాలా కంపెనీలకు ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి. ఏప్రిల్, మే నెలల్లో గోల్స్ రాసుకుంటారు. సెప్టెంబరు ఆఖరుకో అక్టోబరుకో సగం ఏడాది సమీక్ష. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరి అప్రైజల్ వాళ్లు నింపుకుంటారు. ఆ తర్వాత మేనేజర్లంతా కూర్చుని రేటింగులు సరిచూసుకుంటారు. హైక్ లెటర్లు చేతికొచ్చేసరికి మే, జూన్. జనవరి నుంచి లెక్కేసే కంపెనీల్లో ఇదే వరస మూడు నెలలు ముందుకు జరుగుతుంది. అక్టోబరు సమీక్షకు పోర్టల్లో ఒక గడి ఉంటుంది. ఆఖరి రోజు సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి మూడో రిమైండర్ వచ్చాక, మేనేజరు తొమ్మిదిమందికి తొమ్మిది గడులు ఇరవై నిమిషాల్లో నింపేస్తాడు. ఆ గడిలో ఏం రాయాలన్నదే ఇక్కడి విషయం.

పని సులువుగా అర్థం కావడానికి ఒక టీమును అనుకుందాం. హైదరాబాదులో కూర్చుని ముంబైలోని ఒక బీమా కంపెనీ కంప్యూటర్ వ్యవస్థలకు ఇరవైనాలుగు గంటలూ సపోర్టు ఇచ్చే టీమ్ అది. అందులో ఆరేళ్ల అనుభవమున్న ఇంజనీరు ఒకడున్నాడు, పేరు కిరణ్ అనుకుందాం. ఏప్రిల్‌లో మేనేజరుతో కలిసి మూడు గోల్స్ రాసుకున్నాడు. మొదటిది, తన దగ్గరికి వచ్చే టికెట్లలో నూటికి తొంభై గడువులోగా పరిష్కరించాలి. రెండోది, తరచూ వచ్చే సమస్యలను ఎలా సరిచేయాలో మార్చిలోగా 12 డాక్యుమెంట్లు రాయాలి. మూడోది, కొత్తగా చేరిన ఇద్దరు జూనియర్లను నైట్ షిఫ్ట్ ఒంటరిగా చూసుకునేలా తయారుచేయాలి.

సెప్టెంబరు ఆఖరుకు పరిస్థితి ఇలా ఉంది. ఆరు నెలల్లో 210 టికెట్లు వచ్చాయి, 197 గడువులోగా తేలాయి. అంటే నూటికి దాదాపు 94, గోల్ కంటే మెరుగు. డాక్యుమెంట్లు మాత్రం ఆరు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. జూనియర్లలో ఒకరు నైట్ షిఫ్ట్ ఒంటరిగా చేస్తున్నారు, రెండోవారు ఇంకా కిరణ్‌కి ఫోన్ చేయకుండా ఏ పనీ ముగించలేకపోతున్నారు. వీటికి తోడు గోల్స్ కాగితంలో లేని సంగతి ఒకటుంది. జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి క్లయింట్ నుంచి ఎస్కలేషన్ వచ్చింది. రెండుసార్లూ పని ఆలస్యమైంది, ఆలస్యమవుతుందన్న కబురు క్లయింట్‌కి ముందుగా వెళ్లలేదు.

ఈ కిరణ్ గురించి మామూలుగా పోర్టల్లో పడే నోటు ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. ఉద్యోగం చేసిన ప్రతివాళ్లూ చదివిందే:

“కిరణ్ టీమ్‌కి విలువైన సభ్యుడు. టికెట్లు బాగా హ్యాండిల్ చేస్తున్నాడు. డాక్యుమెంటేషన్ మీద కొంచెం ఫోకస్ చేయాలి. కమ్యూనికేషన్ ఇంకా మెరుగుపడాలి. కీప్ ఇట్ అప్.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కిరణ్ ఇది చదివి హాయిగా ఇంటికి వెళ్తాడు, అదే దీంతో చిక్కు. ‘విలువైన సభ్యుడు’ దగ్గర మొదలై ‘కీప్ ఇట్ అప్’ దగ్గర ముగిసిన నోటులో మధ్య రెండు మాటలు మర్యాదకు అన్నవేననిపిస్తాయి. ‘కొంచెం ఫోకస్’ అంటే ఎంత? ‘కమ్యూనికేషన్’ అంటే ఏమిటి? ఇంగ్లిషు తడబడుతోందనా, మీటింగుల్లో మాట్లాడటం లేదనా, మెయిళ్లు పొడుగ్గా రాస్తున్నాడనా? కిరణ్ తనకు తోచిన అర్థం తీసుకుని నవంబరులో ఏ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులోనో చేరినా తప్పు పట్టలేం. ఏప్రిల్‌లో మేనేజరు “డాక్యుమెంటేషన్, కమ్యూనికేషన్ అని అక్టోబరులోనే రాశాను కదా” అంటాడు. కాగితం మీద అతనిదే గెలుపు. ఎదుటివాడు మాత్రం ఆ మాట మొదటిసారి వింటున్నాడు.

కమ్యూనికేషన్ అనే పదం అప్రైజల్ కాగితాల్లో ఎంత సేవ చేస్తోందో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఏం చెప్పాలో తెలియనప్పుడు, తెలిసీ చెప్పలేనప్పుడు, రెండు సందర్భాల్లోనూ అదే వచ్చి కూర్చుంటుంది.

ఆ పదాన్ని తీసేసి దాని వెనకాల ఏం జరిగిందో చూద్దాం. ఆగస్టు 20న బీమా కంపెనీకి సాయంత్రం ఆరు గంటలకు బిల్లింగ్ రిపోర్టు వెళ్లాలి. సర్వర్లో సమస్య వచ్చిందని, ఆరు గంటలకు అందదని కిరణ్‌కి మధ్యాహ్నం రెండింటికే తెలిసింది. తలవంచుకుని దాన్ని బాగుచేసే పనిలో పడ్డాడు. ఏడున్నరకు క్లయింటే మెయిల్ పెట్టి రిపోర్టు ఏదని అడిగాడు. ఎనిమిదింపావుకు కిరణ్ జవాబిచ్చాడు. పదికల్లా రిపోర్టు పంపించేశాడు. చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు. ఆలస్యమవుతుందని తనకు తెలిసిన ఘడియకూ, క్లయింట్‌కి చెప్పిన ఘడియకూ మధ్య ఆరు గంటలకు పైగా గడిచిపోయింది, అంతే. జూలై 9న జరిగిందీ ఇలాంటిదే. ఇప్పుడు మేనేజరు చెప్పాల్సింది కమ్యూనికేషన్ గురించి కానే కాదు. గడువు తప్పుతుందని తెలిసిన వెంటనే క్లయింట్‌కి రెండు వాక్యాల మెయిల్ పెట్టడం గురించి. ఇలా చెబితే కిరణ్‌కి ఆ రోజే అర్థమవుతుంది, మర్నాటి నుంచే చేయగలడు.

అయితే ఆగస్టు 20న రెండు గంటలకు ఏం జరిగిందో అక్టోబరులో నోటు రాసే మేనేజరుకు గుర్తుండాలి కదా. గుర్తుండదు. మనిషి జ్ఞాపకానికి దగ్గరి సంగతులే పెద్దవిగా కనిపిస్తాయి. సెప్టెంబరు నెలాఖరులో కిరణ్ ఒక పెద్ద సమస్యను రాత్రంతా కూర్చుని తేల్చి ఉంటే నోటంతా దాని చుట్టూనే తిరుగుతుంది, ఏదైనా పాడుచేసి ఉంటే అదీ అంతే. అందుకే ఈ పని బాగా చేసేవాళ్లు ఒక్కొక్కరి పేరు మీద ఒక చిన్న ఫైలు ఉంచుకుంటారు. నోట్‌ప్యాడ్ అయినా చాలు, డైరీలో వెనక పేజీ అయినా చాలు. అందులో రాసేది మూడే సంగతులు: తేదీ, ఏం జరిగింది, దాని గురించి నేను అతనితో ఏమన్నాను. వారం మొత్తానికి మనిషికి ఒకటి రెండు వాక్యాలు. మంచి, చెడు రెండూ. ఆ మూడో సంగతి దగ్గర చాలామంది ఇరుక్కుంటారు, ఎందుకంటే అక్కడ రాయడానికి ఏమీ ఉండదు. ఆగస్టు 20 ఎదురుగా ‘ఏమీ అనలేదు’ అని రాయాల్సి వస్తే, అక్టోబరు దాకా ఆగకుండా మర్నాడే టీ తాగుతూ చెప్పేయాల్సిన సంగతి అదని తెలిసిపోతుంది.

ఈ ఫైలు ముందు పెట్టుకుని రాసిన నోటు ఎలా ఉంటుందో చూద్దాం. ఆఫీసుల్లో ఇది ఇంగ్లిషులోనే రాస్తారు. వాక్యం పొట్టిగా, పేర్లూ తేదీలూ స్పష్టంగా ఉండాలన్నది ఏ భాషలోనైనా ఒకటే.

“అక్టోబరు 10న గంటసేపు మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నవి ఇవి.

టికెట్లు: 210లో 197 గడువులోగా. గోల్ 90 శాతం, చేసింది 94. మే నెలలో ఇద్దరు సెలవులో ఉన్నప్పుడు కూడా ఈ లెక్క తగ్గలేదు.

డాక్యుమెంట్లు: 12కి 3. ఈ పాటికి 6 ఉండాలి. సమయం దొరకడం లేదని కిరణ్ చెప్పాడు. వారానికి ఒక మధ్యాహ్నం, గురువారం, అతన్ని టికెట్ల వరసలోంచి తప్పిస్తాను. డిసెంబరు ఆఖరుకు మొత్తం 8, మార్చి 15కి 12 కావాలి.

జూనియర్లు: ఒకరు ఆగస్టు నుంచి ఒంటరిగా నైట్ షిఫ్ట్ చేస్తున్నారు. రెండోవారు నవంబరు ఆఖరుకు చేయగలగాలి.

క్లయింట్‌కి కబురు: జూలై 9న, ఆగస్టు 20న గడువు తప్పుతుందని మనకు తెలిసినా క్లయింట్‌కి ముందు చెప్పలేదు. రెండుసార్లూ ఎస్కలేషన్ వచ్చింది. ఇది గోల్స్‌లో లేదు, కానీ సంవత్సరాంతపు అంచనాలో లెక్కకు వస్తుంది. ఇకపై గడువు తప్పేలా ఉంటే కనీసం రెండు గంటల ముందు మెయిల్ వెళ్లాలి.

ఈ రోజుతో సంవత్సరం ముగిస్తే నేను ప్రతిపాదించేది 3. పైన చెప్పినవి జరిగితే 4 ప్రతిపాదించడానికి నా దగ్గర ఆధారం ఉంటుంది. తుది రేటింగ్ విభాగం మొత్తం చూశాక నిర్ణయమవుతుంది, అది నా ఒక్కడి చేతిలో లేదు.”

ఇంతే. పొగడ్తా ఎక్కువ లేదు, తిట్టూ లేదు. ఈ కంపెనీలో 5 అన్నిటికంటే ఎక్కువ, 3 అంటే ఆశించినంత చేశాడని, 4 అంటే అంతకు మించి చేశాడని అనుకుందాం. కొన్నిచోట్ల ఒకటే అన్నిటికంటే గొప్ప, అంకెలు తలకిందులుగా ఉంటాయి.

ఈ నోటులో అన్నిటికంటే కష్టపడి రాయాల్సింది ‘ఈ రోజుతో సంవత్సరం ముగిస్తే’ అన్న వాక్యం. మిగతాదంతా చదివి కూడా కిరణ్ తనకు 4 వస్తుందనే అనుకోవచ్చు. టికెట్లలో గోల్ దాటాడు, ఒక జూనియర్‌ని తయారుచేశాడు, మిగిలినవి చిన్నవే కదా అని మనసు సర్దిచెబుతుంది. అంకె చూశాక ఆ సర్దుబాటుకు చోటుండదు. మేనేజర్లు ఈ వాక్యం దగ్గర నీళ్లు నమలడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. మూడు అని ఇప్పుడే చెబితే మనసు విరిగి వేరే ఉద్యోగం వెతుక్కుంటాడేమో అన్నది మొదటి భయం. వెతుక్కోవచ్చు. ఏప్రిల్‌లో చెప్పినా వెతుక్కుంటాడు, అప్పుడు కోపంతో వెళ్తాడు, సరిచేసుకోవడానికి ఆరు నెలలు కూడా ఇవ్వలేదన్న మాట న్యాయంగానే అంటాడు. రెండో భయం, తర్వాత మనసు మారితే ఈ కాగితం చూపిస్తాడేమో అని. అందుకే ‘ఈ రోజుతో’ అన్న మాట, ‘నేను ప్రతిపాదించేది’ అన్న మాట అంత ముఖ్యం. కొన్ని కంపెనీలు సగం ఏడాదిలో అంకె రాయవద్దని మేనేజర్లకు కచ్చితంగా చెబుతాయి. అలాంటి చోట అంకె బదులు ప్రతి గోల్ ఎదురుగా ‘అనుకున్న దారిలో ఉంది’ లేదా ‘వెనకబడింది’ అని రాస్తే సరిపోతుంది. మధ్యేమార్గంగా ‘పురోగతిలో ఉంది’ అని మాత్రం రాయకూడదు. మార్చి 31 దాకా ప్రతి పనీ పురోగతిలోనే ఉంటుంది.

రెండో కష్టమైన చోటు, గోల్స్ కాగితంలో లేని విషయం. ఎస్కలేషన్ల సంగతి ఏప్రిల్ గోల్స్‌లో ఎక్కడా లేదు. అయినా సంవత్సరాంతంలో మేనేజరు మనసులో, అతని పైఅధికారి మనసులో అది బరువుగానే కూర్చుంటుంది. ఏప్రిల్‌లో జనాన్ని అదరగొట్టేవి ఎక్కువగా ఇలాంటివే. లెక్కపెట్టగలిగిన గోల్ విషయంలో తన స్థితి ఉద్యోగికి ఎంతోకొంత తెలుస్తూనే ఉంటుంది, 12కి 3 రాశానని కిరణ్‌కి తెలియక కాదు. లెక్కకు అందని ప్రవర్తన గురించి ఎవరైనా నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. ఇది లెక్కకు వస్తుంది అని అక్టోబరులో రాయడానికి మనసొప్పకపోతే, ఏప్రిల్‌లో దాన్ని లెక్కలోకి తీసుకునే హక్కు కూడా వదులుకోవాలి.

మూడోది, మేనేజరు వంతు. గురువారం మధ్యాహ్నం టికెట్లలోంచి తప్పిస్తానని అతను రాసిచ్చాడు. తీరా నవంబరులో క్లయింట్ ఒత్తిడి పెరిగి గురువారాలన్నీ టికెట్లకే పోతే, డాక్యుమెంట్లు రాలేదని కిరణ్‌ని ఒక్కడినే అనడానికి కుదరదు. ఈ వాక్యం లేని నోట్లు పోర్టళ్లలో కోకొల్లలు. వాటిలో చేయాల్సిందంతా ఉద్యోగే చేయాలి, మేనేజరు చూస్తూ ఉంటాడు.

నోటు ముందు రాసి తర్వాత పిలిచి మాట్లాడాలా, మాట్లాడి తర్వాత రాయాలా అని అడుగుతుంటారు. చిత్తుప్రతి తయారుగా ఉంచుకుని, మాట్లాడి, ఆ తర్వాత సరిచేసి పంపడం మేలు. డాక్యుమెంట్లు ఎందుకు వెనకబడ్డాయో మాట్లాడితే తప్ప తెలియదు. బద్ధకమనుకున్నది సమయం లేకపోవడమని తేలవచ్చు. మాటల చివర మేనేజరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘అర్థమైందా’ అని కాదు, దానికి అందరూ తలూపుతారు. “ఇంటికెళ్లాక మీవాళ్లు అడిగితే ఈ మీటింగులో ఏం చెప్పానని చెబుతావు?” అని అడగాలి. కిరణ్ “టికెట్లు బాగా చేస్తున్నానన్నారు, డాక్యుమెంట్లు కాస్త చూసుకోమన్నారు” అన్నాడంటే చెప్పింది చేరలేదన్నమాట. “టికెట్లు బానే ఉన్నాయి గానీ ఇలాగే పోతే మూడే వస్తుందన్నారు, ఆలస్యమయ్యేలా ఉంటే ముందే క్లయింట్‌కి చెప్పమన్నారు” అంటే చేరింది. నోటు ఆ రోజో మర్నాడో పంపాలి. వారం దాటితే ఇద్దరికీ రెండు వేరువేరు మీటింగులు గుర్తుంటాయి.

ఇక కిరణ్ వైపు నుంచి. మేనేజరు అయిదు వాక్యాల ఉత్త నోటు రాసి చేతులు దులుపుకున్నాడనుకోండి. అప్పుడు కిరణే మెయిల్ పెట్టవచ్చు, పెట్టాలి కూడా: “ఇవాళ మనం మాట్లాడుకున్నదాంట్లో నాకు అర్థమైంది ఇది. టికెట్లలో గోల్ కంటే ముందున్నాను. డాక్యుమెంట్లలో మూడు వెనకబడ్డాను. కమ్యూనికేషన్ అన్నది ఏ సందర్భం గురించో ఒకటి రెండు ఉదాహరణలు చెబితే సరిచేసుకుంటాను. నేను పొరబడి ఉంటే చెప్పండి.” దీనికి జవాబు రాకపోయినా ఫర్వాలేదు, తేదీతో సహా ఆ మెయిల్ ఉంటుంది. నోటులో రాసింది తప్పనిపిస్తే పోర్టల్లో ఉద్యోగి వ్యాఖ్యల గడి ఎలాగూ ఉంటుంది. అక్కడ వాదన కంటే వాస్తవం పనికొస్తుంది. ‘జూలై 9న క్లయింట్‌కి చెప్పలేదన్నది నిజం కాదు’ అని రాసి ఊరుకుంటే అది పేచీ. ‘జూలై 9 మధ్యాహ్నం 3.40కి క్లయింట్ మేనేజరుకు మెయిల్ పెట్టాను, దాని కాపీ జత చేస్తున్నాను’ అంటే మేనేజరు నోటు మార్చక తప్పదు. అక్టోబరులో ఇలా మారితే ఎవరి పరువూ పోదు. ఏప్రిల్‌లో అయితే అప్పటికే రేటింగు పైకి వెళ్లిపోయి ఉంటుంది.

ఇంత చేసినా అంకె విషయంలో ఆశ్చర్యం పూర్తిగా పోదు. చాలా పెద్ద కంపెనీల్లో మేనేజరు ప్రతిపాదించిన రేటింగే ఆఖరుది కాదు. విభాగంలోని మేనేజర్లంతా కూర్చుని జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటారు, దాన్నే కాలిబ్రేషన్ అంటారు. ఒకరి టీములో నాలుగు సులువుగా, ఇంకొకరి టీములో కష్టంగా రాకూడదన్నది దాని ఉద్దేశం. నూటికి ఇంతమందికి మించి 4, 5 ఇవ్వవద్దని లెక్క కూడా చాలాచోట్ల ఉంటుంది, పేరు పెట్టి చెప్పినా చెప్పకపోయినా. దాన్నే జనం బెల్ కర్వ్ అని తిట్టుకుంటారు. ఆ గదిలో కిరణ్ ఉండడు, అతని తరఫున మేనేజరే మాట్లాడాలి. “మంచి కుర్రాడండీ, కష్టపడతాడు” అంటే ఎవరూ వినరు, అవతలి మేనేజరు దగ్గరా కష్టపడే కుర్రాళ్లున్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరేం చేశారో అందరికీ గుర్తుంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చేసిన పనికి ఆ గదిలో సాక్ష్యం అక్టోబరు నోటే. మే నెలలో ఇద్దరు సెలవులో ఉన్నా లెక్క తగ్గలేదన్న చిన్న వాక్యం అక్కడ పనికొస్తుంది.

ఏడాది మధ్యలో మేనేజరు మారిపోయినా దిక్కు ఆ నోటే. డిసెంబరులో కొత్త మేనేజరు వస్తే, మొదటి ఆరు నెలల గురించి అతనికి తెలిసింది పోర్టల్లో ఉన్నంతే. వెళ్లిపోయే మేనేజరు ఒక్కొక్కరి మీద అరపేజీ రాసి అప్పగించి పోవాలి, లేకపోతే కిరణ్ కష్టంలో సగం గాల్లో కలిసిపోతుంది. గోల్ మారినప్పుడూ అంతే. జనవరిలో క్లయింట్ డాక్యుమెంట్లు ఇక వద్దని, వాటి బదులు కొత్త వ్యవస్థకు మార్పిడి పని చూడమని అంటే, 12 డాక్యుమెంట్ల గోల్ ఆ రోజే కొట్టేసి కొత్తది రాసుకోవాలి. జనవరిలో కొత్త లోపం ఏదైనా బయటపడితే దానికి మార్చి దాకా ఆగనవసరం లేదు, ఆ వారమే నాలుగు వాక్యాల మెయిల్ పెడితే చాలు. అక్టోబరు నోటు ఏడాదికి ఒక్కసారి రాసే శాసనం కాదు.

ఇలాంటి నోట్లను ఇంకో పనికి వాడేవాళ్లూ ఉన్నారు. ఒకరిని పంపించేయాలని ముందే తీర్మానించుకుని, కాగితం కోసం రాసే నోటు ఒకటుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తప్పులన్నిటికీ తేదీలూ గంటలూ ఉంటాయి, చేసిన మంచి పనులకు ఒక్కదానికీ తేదీ ఉండదు. సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువు పనికి సరిపోదు. మేనేజరు ఏం సాయం చేస్తాడో ఒక్క మాట ఉండదు. అంతకుముందు ఎన్నడూ నోటిమాటగా అనని సంగతులు మొదటిసారి కాగితం మీదే కనిపిస్తాయి. అలాంటి నోటు చేతికొస్తే కిరణ్ లాంటివాళ్లు చేయాల్సింది, వెంటనే తన వైపు వాస్తవాలు రాసి హెచ్‌ఆర్‌కి కూడా కాపీ పెట్టడం.

మన కిరణ్ కథకు వద్దాం. డిసెంబరు ఆఖరుకు డాక్యుమెంట్లు 7 అయ్యాయనుకుందాం, ఒకటి తక్కువ. రెండో జూనియర్ నవంబరులో కాదు గానీ జనవరి మొదటి వారం నుంచి ఒంటరిగా షిఫ్ట్ చేస్తున్నారు. అక్టోబరు తర్వాత మూడుసార్లు గడువు తప్పింది, మూడుసార్లూ మెయిల్ ముందే వెళ్లింది, ఒక్క ఎస్కలేషనూ రాలేదు. మార్చి 15కి డాక్యుమెంట్లు 12 పూర్తయ్యాయి. మేనేజరు 4 ప్రతిపాదించాడు. కాలిబ్రేషన్‌లో అది నిలవలేదు, ఎక్కువ నాలుగులున్నాయని ముగ్గురిని తగ్గించారు, అందులో కిరణ్ ఒకడు. ఏప్రిల్ మీటింగులో మేనేజరు ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు: “నేను నాలుగే పంపాను. నీ పని మీద నాకున్న అభిప్రాయం ఇదిగో, రాసిపెట్టాను. అక్కడ ఆగలేదు.” కిరణ్‌కి నచ్చలేదు, నచ్చాల్సిన పనీ లేదు. కానీ ఏడాదంతా ఒక్క ముక్క అనలేదని అతను అనలేడు. అరగంట మీటింగులో రేటింగు మీద పది నిమిషాలే పట్టింది. మిగతా సమయం వచ్చే ఏడాది గోల్స్‌లో నైట్ షిఫ్ట్ ఉండాలా వద్దా అన్నదాని మీద గడిచింది, దాని మీద ఇద్దరికీ బాగానే వాదన జరిగింది.